స్కాలర్‌షిప్ పేరా పంపే ముందు జాగ్రత్తలు

ఇంట్లో మొదట కాలేజీకి వెళ్లింది మీరే అయితే, స్కాలర్‌షిప్ దరఖాస్తులో మీ గురించి పేరా రాయడానికి ముందు ఆదాయ ధ్రువపత్రం, మార్కుల మెమోలు పక్కన పెట్టుకోండి. పేరాలో ఉన్నది వాటితో కలవకపోతే నిజమైన కష్టం కూడా అనుమానంగా కనిపిస్తుంది.

"మాది పేద కుటుంబం, ఎన్నో కష్టాలు పడ్డాను" అని ఆపేయకండి. కళ్యాణదుర్గం వైపు వేరుశనగ రైతు కూతురు ఇలా రాయొచ్చు: "వానలు లేక పంట ఎండిన ఏడాది అమ్మానాన్న బెంగళూరుకు కూలికి వెళ్లారు. నేను వంట చేసి, తమ్ముణ్ణి బడికి పంపి కాలేజీకి వెళ్లేదాన్ని. ఆ ఏడాది ఇంటర్‌లో మార్కులు తగ్గాయి. బీఎస్సీ అగ్రికల్చర్ మొదటి సెమిస్టర్‌లో మళ్లీ పుంజుకున్నాను." ఇందులో కారణం ఉంది, తను చేసిన పని ఉంది, ఫలితం ఉంది. తగ్గిన మార్కులు మెమోలో ఎలాగూ కనిపిస్తాయి కాబట్టి ముందే చెప్పడం మంచిది.

కష్టాలు సగం పేరా దాటనివ్వకండి. నాన్న తాగుడు, ఇంట్లో గొడవల్లాంటివి ఇంటర్వ్యూలో అడిగితే తడబడకుండా చెప్పగలరనుకుంటేనే రాయండి. చెప్పకపోవడం అబద్ధం కాదు.

లక్ష్యం చదువుకు అతుక్కోవాలి. "సమాజసేవ చేస్తాను" కంటే "వర్షాధార పొలాల్లో తేమ నిలిపే పద్ధతులపై పనిచేస్తాను" అన్నది నమ్మకం కలిగిస్తుంది. డబ్బు దేనికో, హాస్టల్ ఫీజుకో పుస్తకాలకో, ఒక్క వాక్యంలో చెప్పండి.

అక్షరాల పరిమితి ఉంటే ఖాళీలు కూడా లెక్కకొస్తాయేమో చూసుకోండి. చివరగా అమ్మకో నాన్నకో చదివి వినిపించండి. ఏ ఏడాది ఏం జరిగిందో వాళ్లే సరిచేస్తారు.