మాటల్లేని షార్ట్ ఫిల్మ్ చూసి "ఇంతకీ ఏమైంది?" అంటున్నారా? లోపం స్క్రిప్టులో వెతకండి

ఒకే కథ పట్టుకుని చూద్దాం. ఉద్యోగం పోయిన ఒకాయన ఆ సంగతి ఇంట్లో చెప్పలేక, రోజూ ఆఫీసుకని బయల్దేరి పార్కులో కూర్చుంటాడు. కూతురు కనిపెడుతుంది. అంతే కథ. డైలాగూ లేదు, తెర మీద అక్షరమూ లేదు.

సమస్య: స్క్రిప్టు చదివితే బాగుంది, తీస్తే అర్థం కాలేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. చదివినవాళ్లకు తెలిసింది కెమెరాకు తెలియదు. "ఉద్యోగం పోయిన సంగతి ఎలా చెప్పాలా అని మథనపడుతూ భోజనం చేస్తుంటాడు" అని రాశారనుకోండి. ఇందులో షూట్ చేయగలిగింది భోజనం ఒక్కటే.

పెన్ను తీసుకుని "అనుకున్నాడు", "గుర్తొచ్చింది", "మథనపడ్డాడు" లాంటి మాటలన్నిటికీ సున్నా చుట్టండి. ఒక్కోదాని దగ్గరా ఆగి, ఈ మనిషి ఏం చేస్తే ఇది బయటపడుతుందో ఆలోచించి, ఆ పనే రాయండి. పై వాక్యంలో "ఉద్యోగం పోయిన సంగతి" అన్న ముక్క ఇలా మారుతుంది:

ఆఫీసు గేటు. ఐడీ కార్డు మెషీన్‌కి ఆనిస్తాడు. ఎర్ర లైటు. కార్డుని చొక్కాకి తుడిచి మళ్లీ ఆనిస్తాడు. ఎర్ర లైటే. వెనకున్నతను పక్కనుంచి చేయి చాపి తన కార్డు ఆనిస్తాడు. పచ్చ లైటు.

కార్డు తుడవడంలోనే ఆయన అమాయకత్వం ఉంది. కానీ ఇక్కడితో ఆపితే "కార్డు పాడైందేమో" అనుకునే వీలుంది. అందుకని ఇంకో పని కావాలి. సెక్యూరిటీ మనిషి ఒక అట్టపెట్టె తెచ్చి ఆయన చేతిలో పెడతాడు. పైన ఆయన టేబుల్ మీద ఉండాల్సిన కూతురి ఫొటో ఫ్రేమ్. ఇక రెండో అర్థం రాదు. కీలకమైన ప్రతి సంగతికీ ఇలా వేరే అర్థం ఏదైనా వస్తుందా అని మీరే అడ్డంగా వాదించి చూసుకోవాలి.

సమస్య: క్లైమాక్స్‌లో వస్తువు చూపించినా ఎవరికీ ఏమీ అనిపించలేదు

ఆ వస్తువు ప్రేక్షకుడికి అక్కడే మొదటిసారి పరిచయమై ఉంటుంది. చివర్లో బరువు మోయాల్సిన వస్తువు అంతకుముందు కనీసం రెండుసార్లు కనపడాలి, కనపడిన ప్రతిసారీ దాని అర్థం కొంచెం మారాలి. ఊరికే క్లోజప్ వేస్తే చాలదు, దాంతో ఎవరో ఒకరు ఏదో చేయాలి.

మన కథలో మొదటిసారి, ఆయన తలుపు పక్క మేకు నుంచి కార్డు తీసి మెడలో వేసుకుంటాడు. అది మామూలు అలవాటు. ఉద్యోగం పోయాక కూడా అలాగే వేసుకుంటాడు, కానీ వీధి మలుపు తిరగగానే తీసి జేబులో దాస్తాడు. ఇప్పుడది అబద్ధం. సాయంత్రం కూతురు ఆయన లంచ్ బ్యాగ్ ఖాళీ చేస్తుంటే ఎండుటాకు ఒకటి రాలుతుంది. మర్నాడు మళ్లీ ఒకటి. ఆ పిల్ల మేకుకున్న కార్డు వైపు చూస్తుంది. ఆ మర్నాడు ఉదయం ఆయన చూడకుండానే మేకు మీదకి చేయి పోనిస్తాడు, చేతికి ఏమీ తగలదు. తిరిగి చూస్తే కార్డు కూతురి ఒళ్లో ఉంది. ఆ పిల్ల దాన్ని ఇవ్వదు. పక్క కుర్చీ కొంచెం వెనక్కి లాగుతుంది.

వస్తువులు ఎక్కువ పెట్టకండి. నాలుగైదు నిమిషాల ఫిల్మ్‌కి ఒకటి ముఖ్యమైనది, దానికి తోడు ఇంకోటి చాలు.

సమస్య: నటులు మూగసైగల ఆట ఆడుతున్నట్టుంది

తప్పు నటులదని నేనూ చాలాకాలం అనుకున్నాను. "బాధగా చూస్తాడు", "షాక్ అవుతుంది" అని రాసిచ్చింది మనమే, పాపం వాళ్లు అదే మొహంలో చూపిస్తున్నారు. సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 100 ఏళ్ల క్రితమే దీనికి దారి చూపించాడు. నటుడి భావం లేని ముఖం షాట్ ఒకటే తీసుకుని, దాని పక్కన సూపు గిన్నె పెడితే ఆకలి, శవపేటిక పెడితే దుఃఖం కనపడిందట చూసినవాళ్లకు.

కాబట్టి భావం పేరు కొట్టేసి మూడు ముక్కలు వరసగా రాయండి: ఎటు చూసింది, ఏం కనపడింది, తర్వాత చేతులు ఏం చేశాయి. "కూతురు షాక్ అవుతుంది" బదులు "ఆకు తీసి చూస్తుంది. కార్డు వైపు చూస్తుంది. ఆకుని గబుక్కున గుప్పిట్లో మూసేస్తుంది, నాన్న గదిలోకి వస్తున్నాడు."

సమస్య: 2 పేజీల స్క్రిప్టు 5 నిమిషాలైంది

పేజీకి ఒక నిమిషం అనే లెక్క ఇక్కడ పనిచేయదు. "తాళం వెతుకుతాడు" అన్న రెండు మాటలకే అర నిమిషం పట్టొచ్చు. స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రతి పనీ మీరే చేసి చూడండి.

షూటింగ్‌కి ముందు ఫోన్‌లో రిహార్సల్ తీసి, కథ తెలియని ఒకరికి సౌండ్ ఆపేసి చూపించండి. "అర్థమైందా?" అని అడగొద్దు, మొహమాటానికి అవునంటారు. "కథ చెప్పు" అనండి. ఎక్కడ తడబడితే ఆ సీన్ మళ్లీ రాయాలి.