తెర సాగదీత, 3వ పాఠం: మనిషి వెడల్పయినాడు, మౌస్ నడిచే దూరం మారలేదు

పోయిన పాఠంలో కౌంటర్ స్ట్రైక్ 2 ఆటను 4:3 నిష్పత్తిలో, 1280x960లో పెట్టి తెర నిండా సాగదీయమని చెప్పినాను. ఈ వారం అందరం కలిసి 1440x1080కి వెళ్లాల్సింది. కానీ వచ్చిన ప్రశ్నలు చూస్తే సగం మంది ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయినారు. దాన్ని సరిచేసుకునే ముందుకు పోదాం.

ఎక్కువ మంది అడిగింది ఇది: "అన్నా, 4:3 పెట్టినా. పక్కల రెండు నల్లపట్టీలు వస్తాండాయి. సాగలేదు." సాగదీసే పని ఆటది కాదు, గ్రాఫిక్స్ కార్డుది. ఎన్‌విడియా కార్డున్న డెస్క్‌టాప్ అయితే ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి `Adjust desktop size and position`లోకి పోండి. అక్కడ `Full-screen` ఎంచుకోండి. `Perform scaling on` దగ్గర `GPU` పెట్టండి. కింద `Override the scaling mode set by games and programs` అని ఒక గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టి Apply నొక్కండి. చాలామంది వదిలేసింది ఈ చివరి టిక్కే. ఏఎండీ వాళ్లు అడ్రినలిన్‌లో డిస్‌ప్లే పేజీకి పోయి `GPU Scaling` ఆన్ చేసి, `Scaling Mode`ను `Full panel` చేస్తే చాలు. ఆటలో డిస్‌ప్లే మోడ్ `Fullscreen`గానే ఉండాల. `Fullscreen Windowed`లో ఉంటే మీరు ఎంత మార్చినా అది డెస్క్‌టాప్ రిజల్యూషన్‌నే పట్టుకుని కూర్చుంటుంది.

చిత్తూరు హాస్టళ్ల నుంచి రాసిన ల్యాప్‌టాప్ వాళ్లది వేరే చిక్కు. కంట్రోల్ ప్యానెల్ తెరిస్తే డిస్‌ప్లే అనే భాగమే కనబడలేదని అన్నారు. కార్డు పాడవలేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో తెర తీగ ఇంటెల్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. ఎన్‌విడియా బొమ్మ గీసి ఇంటెల్ చేతికిస్తుంది, తెర మీద పెట్టేది ఇంటెల్. కాబట్టి సాగదీయమని అడగాల్సింది కూడా ఇంటెల్‌నే. ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో డిస్‌ప్లే కింద `Scale` దగ్గర `Stretched` పెట్టండి. ఆ ఎంపిక కనబడకపోతే ముందు డెస్క్‌టాప్‌నే 1280x960కి మార్చి మళ్లీ చూడండి.

తిరుపతిలో గేమింగ్ కేఫ్‌లకు పోయి ఆడేవాళ్లకు ఒక్క మాట. క్రాస్‌హెయిర్ మీ ఖాతాతో వస్తుంది గానీ వీడియో సెట్టింగులు, కార్డు సెట్టింగులు ఆ మెషీన్‌లోనే ఉంటాయి. సీటు మారినప్పుడల్లా మళ్లీ చూసుకోవాల్సిందే. అట్లే రిఫ్రెష్ రేట్ కూడా. రిజల్యూషన్ మార్చినప్పుడు 144 హెర్ట్‌జ్ మానిటర్ చెప్పకుండా 60కి దిగిపోవచ్చు. ఆట బరువుగా, మౌస్ జిగురుగా అనిపిస్తే మొదట అనుమానించాల్సింది దాన్నే.

వాలరెంట్ అనే ఇంకో ఆటలో ప్రయత్నించి "ఏమీ మారలేదు" అన్నవాళ్లు తప్పేమీ చేయలేదు. ఆ ఆట అడ్డం చూపును, అంటే తెర మీద ఎడమ నుంచి కుడికి కనబడే లోకాన్ని, 103 డిగ్రీల దగ్గర కట్టేసింది. 4:3 ఎంచుకుని `Fill` పెడితే తెర మీది అంకెలూ మ్యాపూ సాగుతాయి గానీ ఎదుటి మనిషి వెడల్పు కాడు. ఈ పాఠాలు కౌంటర్ స్ట్రైక్ కోసమే.

ఇప్పుడు అసలు సంగతి. "సాగదీస్తే తల పెద్దదవుతుంది, కొట్టడం సులువవుతుంది" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, ఆ తర్వాత "మౌస్ స్పీడ్ అయిపోయింది" అని సెన్సిటివిటీని పావు వంతు తగ్గించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ రెండూ ఒకే తప్పు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే నెలల తరబడి చేతికి వచ్చిన అలవాటును ఒక్క సాయంత్రంలో చెరిపేసుకుంటారు. నిదానంగా చూడండప్పా.

ఈ ఆటలో నిలువు చూపు మారదు, ఎప్పుడూ దాదాపు 74 డిగ్రీలే. అడ్డం చూపు మాత్రం తెర ఆకారాన్ని బట్టి మారుతుంది: 16:9లో 106 డిగ్రీలు, 4:3లో 90. ఆ 90 డిగ్రీల బొమ్మను 106 డిగ్రీల వెడల్పు తెర మీదకు లాగితే ప్రతిదీ అడ్డంగా 1.33 రెట్లు సాగుతుంది. మనిషి ఎత్తు పెరగదు, వెడల్పు మాత్రమే.

ఒక్క లెక్క వేసి చూద్దాం. సుమారు 23 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల వెడల్పున్న ఛాతీ మీ ముందు నిలబడింది అనుకోండి. అది మీ చూపులో ఒక డిగ్రీ వెడల్పు. 24 అంగుళాల మానిటర్ మీద, 1920x1080లో, అది తెర మధ్యన 12.6 పిక్సెళ్లు, స్కేలు పెట్టి కొలిస్తే మూడున్నర మిల్లీమీటర్లు. 4:3లో సాగదీస్తే అదే ఛాతీ 16.8 పిక్సెళ్ల జాగా తీసుకుంటుంది, అంటే 4.6 మిల్లీమీటర్లు. కంటికి పెద్దదైన మాట నిజమే.

ఇప్పుడు మౌస్ వైపు రండి. 800 డీపీఐ, సెన్సిటివిటీ 1.0 అనుకుందాం. 800 డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం కదిలితే 800 కౌంట్లు పంపుతుంది. ఈ ఆటలో ఒక్కో కౌంట్‌కు చూపు 0.022 డిగ్రీలు తిరుగుతుంది. ఒక డిగ్రీ తిరగడానికి దాదాపు 45.5 కౌంట్లు కావాల, 800 డీపీఐలో అది 1.44 మిల్లీమీటర్లు. ఈ లెక్కలో తెర రిజల్యూషన్ ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. ఆ ఛాతీకి ఎడమ అంచు నుంచి కుడి అంచుకు పోవాలంటే 1920లో 1.44 మిల్లీమీటర్లు, సాగదీసినా 1.44 మిల్లీమీటర్లే. పూర్తి చుట్టు తిరగడానికి రెండింట్లోనూ 52 సెంటీమీటర్లే. మీ చేతికి గురి ఒక్క వెంట్రుకంత కూడా పెద్దది కాలేదు.

మరి వేగంగా ఎందుకు అనిపిస్తుంది? చేయి అంతే కదిలినా తెర మీది బొమ్మ అడ్డంగా మూడో వంతు ఎక్కువ దూరం జరుగుతుంది కాబట్టి. ఎదుటివాడి పరుగు కూడా అంతే. రెండు గోడల మధ్య సందును దాటడానికి వాడికి పట్టే సమయం మారదు, ఆ సమయంలోనే తెర మీద ఎక్కువ దూరం పోతాడు. గురి పెద్దదైంది, గురి పరుగూ అంతే పెద్దదైంది. మీరు కంటి మాట విని సెన్సిటివిటీని 0.75 చేశారనుకోండి, చుట్టు తిరగడానికి 69 సెంటీమీటర్లు కావాల. వెనకనుంచి వచ్చినవాడి వైపు తిరిగేలోపు ప్యాడ్ అయిపోతుంది. పైగా నిలువు కదలిక అసలు సాగలేదు, దాన్ని కూడా అనవసరంగా నెమ్మది చేసుకున్నట్టు. తగ్గించుకున్నవాళ్లు ఈరోజే పాత అంకెకు వెనక్కి రండి. నాలుగైదు రోజుల్లో కన్నే సర్దుకుంటుంది.

అట్లయితే సాగదీయడం ఎందుకు? కంటి కోసం. క్రాస్‌హెయిర్ తలకు కొంచెం ఎడంగా ఉంటే ఆ తేడా మూడో వంతు పెద్దదిగా కనబడుతుంది, ఏ వైపు సరిచేయాలో త్వరగా తెలుస్తుంది. లాభం అంతవరకే, అదీ అడ్డంగా మాత్రమే. నల్లపట్టీలతో ఆడితే ఈ లాభం కూడా లేదు. మనిషి 1920లో ఉన్నంతే ఉంటాడు, పక్కలు మాత్రం తెగిపోతాయి.

ఇక స్పష్టత. పైన చెప్పిన ఛాతీ ఎత్తు కూడా వెడల్పంతే అనుకుంటే, దానికి 1280x960లో కార్డు నిజంగా గీసేది అడ్డంగా 11.2, నిలువుగా 11.2 పిక్సెళ్లే. దాన్నే 16.8కి లాగుతున్నాం. ఉన్న గరిటెడు పిండితోనే దోసెను ఇంకా వెడల్పుగా తిప్పినట్టు, దోసె పెద్దదవుతుంది గానీ పల్చబడుతుంది. 1920లో ఆ ఛాతీకి దాదాపు 158 పిక్సెళ్లు పడితే 1280x960లో 125, 1024x768కి దిగితే 80. దగ్గర్లో ఈ తేడా తెలియదు. దూరంగా పెట్టె అంచు మీద తల మాత్రమే కనబడేటప్పుడు, ఆ తల వెడల్పు 0.3 డిగ్రీలైతే, 1024x768లో దానికి మూడు పిక్సెళ్లు కూడా రావు. అది తలో, గోడ మీది మరకో కన్ను తేల్చుకోలేదు.

960 గీతలను 1080 గీతల మీద పరచడంలో ఇంకో చిక్కుంది. ప్రతి ఎనిమిది గీతలూ తొమ్మిదింటి మీదకు సర్దాలి, అందుకే అంచులు మసకబారుతాయి. 1440x1080లో ఈ బాధ లేదు. నిలువు గీతల లెక్క తెరకు సరిగ్గా సరిపోతుంది. ఆ ఛాతీకి గీసే పిక్సెళ్లు 12.6 చొప్పున, అంటే 1920x1080లో ఉన్నన్నే. సాగేది అడ్డంగా మాత్రమే. గురి వెడల్పు 1280x960లో వచ్చినంతే వస్తుంది, స్పష్టతలో పోయేది చాలా తక్కువ. కార్డుకు పని కూడా పూర్తి తెరతో పోలిస్తే ముప్పావు వంతే. అందుకే కార్డు మోయగలిగితే 1440x1080 అనే నా మాట. జాబితాలో లేకపోతే ఎన్‌విడియా ప్యానెల్‌లో `Change resolution`, `Customize`, `Create Custom Resolution` ద్వారా చేర్చుకోండి. దీంతో పాటు ఆటలో FidelityFX Super Resolutionను `Disabled (Highest Quality)` చేయండి. లేదంటే తగ్గించిన బొమ్మనే అది మళ్లీ తగ్గించి గీస్తుంది.

ఎఫ్‌పీఎస్ కోసమే 1280x960కి దిగినవాళ్లు ఒక పరీక్ష చేయండి. ఒకే మ్యాప్‌లో ఒకే చోట నిలబడి 1920x1080లోనూ 1024x768లోనూ అంకె చూడండి. పెద్దగా పెరగకపోతే మీ దగ్గర అడ్డుపడుతున్నది కార్డు కాదు, ప్రాసెసర్. అప్పుడు స్పష్టత వదులుకున్నా దక్కేదేమీ లేదు.

పోయేది ఇంకొకటి, పక్క చూపు. చెరి 8 డిగ్రీలు. అంకెగా చిన్నదే గానీ తెర మీద చూస్తే ఇరుపక్కలా 240 పిక్సెళ్లు, మొత్తం వెడల్పులో నాలుగో వంతు. ఈ వారం అభ్యాసం దీని మీదే, కొంచెం ఓపిక కావాల. 1920x1080కే తిరిగి వెళ్లండి. 24 అంగుళాల మానిటర్ అయితే 6.6 సెంటీమీటర్లు, 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ అయితే 4.3 సెంటీమీటర్ల వెడల్పు కాగితపు పట్టీలు కత్తిరించి, రెండు అంచులకూ జిగురు తక్కువున్న టేపుతో అంటించండి. 4:3లో మీకు మిగిలే లోకం సరిగ్గా అంతే. పది డెత్‌మ్యాచ్‌లు ఆడి, ప్రతి చావుకూ నోటుపుస్తకంలో ఒక గీత పెట్టండి: చంపినవాడు ఎదురుగా ఉన్నాడా, వెనక ఉన్నాడా, కాగితం చాటున ఉన్నాడా. మూడో గడి ఖాళీ కావడం అరుదు. వెంటనే తేల్చుకోలేకపోతే పట్టీని ఒక్క క్షణం ఎత్తి చూడండి.

ఆ తర్వాత పట్టీలు తీసి, సెన్సిటివిటీ ముట్టుకోకుండా, 1440x1080 సాగదీసి ఇంకో పది ఆడండి. రెండు పట్టికలూ, మీ మానిటర్ సైజూ, డీపీఐ, సెన్సిటివిటీ రాసి పంపండి. ప్రతి పది చావుల్లో కాగితం చాటువి మూడు దాటినవాళ్లకు వచ్చే పాఠంలో 16:10 చూపిస్తాను. 1680x1050 అన్నమాట. అక్కడ చూపు 100 డిగ్రీలు, మనిషి సాగేది తొమ్మిదో వంతు.