సీజీపీఏని పర్సెంటేజీ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండప్పా

కౌన్సెలింగ్ సీజన్ వస్తే అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కల నెట్ సెంటర్లలో కూర్చోడానికి కుర్చీ దొరకదు. పోయిన ఏడాది మా పిన్ని కొడుక్కి తోడుగా నేనూ పోయినా. బీటెక్ అయిపోయింది, గేట్ స్కోరు ఉంది, ఎన్‌ఐటీల్లో ఎంటెక్ కోసం సీసీఎంటీ ఫారం నింపుతున్నాడు. కన్సాలిడేటెడ్ మెమో ఇంకా చేతికి రాలేదు, సెమిస్టర్ మెమోలు ఎనిమిదీ ఫోన్‌లో ఉన్నాయి. "అన్నా, సీజీపీఏ 6.55 వచ్చింది, ఏసేద్దునా?" అన్నాడు. ఎట్లా వచ్చిందిరా అంటే, ఎనిమిది ఎస్‌జీపీఏలు కూడి ఎనిమిదితో భాగించినాడంట.

ఈ సీజన్లో నేను చూసే తప్పుల్లో మొదటిది ఇదే. ఎస్‌జీపీఏల సగటు సీజీపీఏ కాదు. ఒక్కో సెమిస్టర్‌కి ఒక్కో బరువు ఉంటుంది, ఆ బరువు పేరే క్రెడిట్లు. వాడి కోర్సు మొత్తం 160 క్రెడిట్లు. అందులో ఏడు సెమిస్టర్లు కలిపి 148, చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఒక్కటే, దానికి 12. ప్రాజెక్టులో ఎవరికైనా పాయింట్లు బాగానే పడతాయి కదా, వీడికి 9 వచ్చింది. మిగతా ఏడు సెమిస్టర్లదీ క్రెడిట్లతో లెక్క కడితే 6.2 దగ్గర ఆగింది. మామూలు సగటు తీస్తే ఆ 12 క్రెడిట్ల ప్రాజెక్టుకి ఎనిమిదో వంతు వాటా దొరుకుతుంది, నిజానికి దాని వాటా పదమూడో వంతు కంటే కొంచెం తక్కువే.

```
(148 × 6.2 + 12 × 9) ÷ 160
= (917.6 + 108) ÷ 160
= 6.41
```

6.55 ఎక్కడ, 6.41 ఎక్కడ? తేడా 0.14 అని తీసి పారేయొద్దు. సీసీఎంటీలో జనరల్, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వాళ్లకి కనీసం 6.5 సీజీపీఏ గానీ 60 శాతం గానీ ఉండాల (ఎస్‌సీ, ఎస్‌టీ, దివ్యాంగులకి 6.0 లేదా 55 శాతం). వీడు ఓబీసీ. ఒక లెక్కలో గీతకి పైన ఉన్నాడు, రెండో లెక్కలో కింద ఉన్నాడు. సీటు వచ్చినాక సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో మెమో పక్కన పెట్టి చూస్తే నిలబడేది రెండో లెక్కే.

అప్పుడు వాడు "సరే, సీజీపీఏ వద్దు, పర్సెంటేజీ ఏస్తా, 9.5తో గుణిస్తే 60.9 వస్తుంది, దాటేస్తా" అన్నాడు. పక్క కుర్చీలో పిల్లోడు కూడా అవునన్నా అన్నాడు, వాడూ అట్లే నింపినాడంట. ఏమప్పా, ఈ 9.5 ఎక్కడిది, మీ యూనివర్సిటీ చెప్పిందా అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అది సీబీఎస్‌ఈ పదో తరగతికి గ్రేడ్లు ఇచ్చిన రోజుల్లోది. అక్కడ 81 నుంచి 90 మార్కుల మధ్య ఎంత వచ్చినా 9 పాయింట్లే. ఆ మధ్యలో ఉండే మార్కు 85.5, తొమ్మిదిని 9.5తో గుణించినా 85.5. అంటే గ్రేడు పట్టీ నడిమి మార్కుని అంచనాగా తిరిగి రాబట్టే లెక్క అది. పదో తరగతి గడిలో 9.5 వాడమని ఫారమే చెప్తే వాడండి. మీ యూనివర్సిటీ చెప్పకుండా బీటెక్‌కి, డిగ్రీకి దాన్ని లాక్కొచ్చి అతికిస్తే దానికి ఏ ఆధారమూ లేదు.

బీటెక్‌కి మన వైపు ఎక్కువగా కనిపించేవి రెండు లెక్కలు:

```
(CGPA - 0.5) × 10
(CGPA - 0.75) × 10
```

రెండోది ఏఐసీటీఈ పట్టికతో కలిసే లెక్క. అందులో 6.75కి 60 శాతం, 7.25కి 65 శాతం అని ఉంటుంది. మావాడి 6.41ని మొదటి లెక్కలో వేస్తే 59.1, రెండోదాంట్లో 56.6, 9.5తో 60.9, ఊరికే పదితో గుణిస్తే 64.1. పిల్లోడు ఒక్కడే, మెమోలు అవే, పర్సెంటేజీలు మాత్రం నాలుగు! ఇందులో చెల్లేది మీ యూనివర్సిటీ మీ రెగ్యులేషన్‌కి రాసింది ఒక్కటే. రెగ్యులేషన్ అంటున్నా, గమనించండి. ఒకే యూనివర్సిటీలో మీ సీనియర్ బ్యాచ్‌కి ఒక సూత్రం, మీకు ఇంకో సూత్రం ఉండొచ్చు, అందుకే "మా అన్న ఇట్లే ఏసినాడు" అనే మాట నమ్మొద్దు. కన్సాలిడేటెడ్ మెమో వెనక పక్క చిన్న అక్షరాల్లో చూడండి, అక్కడ లేకపోతే మీ రెగ్యులేషన్ పీడీఎఫ్‌లో గ్రేడ్ల పట్టిక ఉన్న చోట వెతకండి. మావాడి పీడీఎఫ్‌లో ఉన్నది 0.5 లెక్క. అంటే 59.1. దాన్ని 60కి సర్దడం కుదరదు, 59.9 ఉన్నా కుదరదు.

ఎక్కడా సూత్రం దొరకలేదంటే సొంతంగా ఒకటి ఎంచుకోవద్దు. కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో అడిగి యూనివర్సిటీ నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తెప్పించుకోవాల. కర్నూలు, కడప నుంచి దీనికోసం అనంతపురం తిరిగే వాళ్లని చూసినా, ఫారం చివరి తేదీకి రెండు రోజుల ముందు బయల్దేరితే పని కాదు, గేట్ ఫలితం వచ్చిన వారంలోనే మొదలుపెట్టండి.

ఇంకొకటి, ఫారం గడుల సంగతి. కొన్ని ఫారాల్లో "మార్కులు" అనే గడి, "గరిష్ఠ మార్కులు" అనే గడి ఉంటాయి. 6.41 అనీ 10 అనీ కొడితే అది తనంతట తానే 64.1 శాతం అని చూపిస్తుంది. కంప్యూటర్ చూపించింది కాబట్టి కరెక్టే అనుకోవద్దు, దానికి భాగహారం తప్ప మీ యూనివర్సిటీ సూత్రం తెలీదు. ముందు సీజీపీఏ, పర్సెంటేజీ అని ఎంచుకునే చోటు ఉందేమో చూడండి. ఉంటే మెమోలో ఏ రూపంలో ఉందో అదే ఎంచుకుని, ఉన్నది ఉన్నట్టు కొట్టండి, మార్చే పనే లేదు. సీజీపీఏ ఎంచుకోవడం మర్చిపోయి పర్సెంటేజీ గడిలో 6.41 కొట్టి సబ్‌మిట్ చేసినోళ్లూ ఉన్నారు, అప్పుడు మీరు ఆరు శాతం విద్యార్థి! మార్చక తప్పని ఫారం అయితే, సూత్రం ఉన్న పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి, వెరిఫికేషన్ రోజు అడిగితే అదే చూపించాల.

మార్కుల పద్ధతిలో డిగ్రీ చేసినోళ్లకి తిరగేసిన సమస్య, ఫారం సీజీపీఏ అడుగుతుంది. పదితో భాగించి కొట్టేయడం కాదు, పర్సెంటేజీ గడి ఎంచుకునే వీలుంటే అదే వాడండి.

మావాడు సీసీఎంటీ పేజీ మూసేసి చాలాసేపు మాట్లాడలేదు. టీ తాగినాక ఏపీ పీజీఈసెట్ ఫారం తెరిచినాం, దానికి 50 శాతం ఉంటే చాలు. అందులో 59.1 అని కొట్టి, నా వైపు తిరిగి, "ఇది తగ్గదు కదన్నా?" అన్నాడు. కన్సాలిడేటెడ్ మెమో జులైలో వచ్చింది. సీజీపీఏ 6.41.