గాయనికి తన గొంతు వినబడాలంటే

డ్రమ్స్, గిటార్, పాట అన్నీ ఒకే గదిలో రికార్డింగ్. గాయని "నా గొంతు ఇంకొంచెం పెంచండి" అంటూనే ఉంది. హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచేకొద్దీ అందులోంచి, తాళం కోసం వేసే క్లిక్ శబ్దం లీకై ఆమె మైక్‌లో పడుతోంది. పైగా శ్రుతి కూడా దిగుతోంది.

ఇక పెంచడం మానేసి, మిగతావి తగ్గించాను. ఆమె హెడ్‌ఫోన్‌కు విడిగా ఒక ఆక్స్, అంటే వేరే మిక్స్ పంపే దారి ఇచ్చి, అందులోకి వెళ్ళే సెండ్స్ అన్నీ ప్రీ-ఫేడర్‌లో, అంటే మెయిన్ ఫేడర్ కంటే ముందే తీసుకునేలా పెట్టాను. దాంతో నేను మెయిన్ ఫేడర్లు కదిపినా ఆమె మిక్స్ మారదు. డ్రమ్ మైకులను అందులోంచి పూర్తిగా తీసేశాను. గదిలో ఎలాగూ మోగుతున్నాయి, ఆమె మైక్‌లోంచి కూడా వస్తున్నాయి! క్లిక్ సగానికి సగం తగ్గించాను. గిటార్ మాత్రం శ్రుతి కోసం స్పష్టంగా ఉంచాను. గొంతుకు కొద్దిగా రివర్బ్ కలిపాను, అదీ హెడ్‌ఫోన్‌కే, రికార్డింగ్‌లోకి పోదు. చివరికి మొత్తం వాల్యూమ్ మొదటికన్నా తక్కువే. ఆమె మైక్ ట్రాక్ సోలో చేసి, పాట ఆగిన చోట్ల విన్నాను. క్లిక్ లేదు.

డ్రమ్మర్‌కు మాత్రం క్లిక్ గట్టిగానే కావాలి, కాబట్టి అతనికి వేరే ఆక్స్ తప్పదు.