ఇంట్లో ప్రింటర్ – నాలుగో పాఠం: రెండు పేర్ల వైఫైకి ప్రింటర్‌ను కలపడం

గత పాఠంలో ప్రింటర్‌ను పెట్టెలోంచి తీసి, ఇంకు నింపి, హెడ్ అలైన్‌మెంట్ కాగితం సరిచూసుకునే దాకా వచ్చాం. ఈ పాఠంలో దానిని ఇంటి వైఫైకి కలుపుదాం. మీ ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే మీ ఇంటి పేరు రెండుసార్లు, అంటే ఒకసారి మామూలుగానూ, మరోసారి చివర `_5G` అన్న తోకతోనూ కనిపిస్తుంటే ఈ పాఠం మీ కోసమే. ఒక్క పేరే కనిపించే ఇళ్ల సమస్యలు కొంత వేరు కనుక వాటిని ఇక్కడ కలపడం లేదు.

ముందుగా ఆ తోక సంగతి తేల్చుకోవాలి. అందులోని 5G కీ, సెల్‌ఫోన్ కంపెనీలు అమ్మే ఐదో తరం 5జీకీ సంబంధం లేదు. ఇక్కడ అది 5 గిగాహెర్ట్జ్ అన్న రేడియో పౌనఃపున్యానికి పొట్టి పేరు మాత్రమే. తోక లేని పేరు, లేదా కొన్ని రౌటర్లలో `_2.4G` అన్న తోక ఉన్న పేరు, 2.4 గిగాహెర్ట్జ్‌ది. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ కాంక్రీటు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదైనా ఎక్కువ దూరం వెళ్తుంది. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది. ఒక ఏ4 పేజీని పంపడానికి పెద్ద వేగం అవసరం లేదు కనుక తయారీదారులు రెండో రేడియోకి ఖర్చు పెట్టరు. పెట్టె మీద గానీ మాన్యువల్‌లో గానీ `802.11 b/g/n` అని మాత్రమే ఉండి, `a` గానీ `ac` గానీ లేకపోతే మీ ప్రింటర్ ఈ కోవలోదేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అటువంటి ప్రింటర్‌కు `_5G` పేరు బలహీనంగా వినిపించడం కాదు, అసలు వినిపించదు.

ఇది ఎలా తికమక పెడుతుందో మలక్‌పేటలో మా అక్కయ్య ఇంట్లో జరిగిన ఉదాహరణతో చూద్దాం. ఆమెది మూడో అంతస్తు ఫ్లాట్. రౌటర్ హాల్లో టీవీ పక్కన, ప్రింటర్ పిల్లల గదిలో బల్ల మీద ఉన్నాయి. వైఫై పేర్లు `Tulasi`, `Tulasi_5G`. రెండింటికీ పాస్‌వర్డ్ ఒకటే. ఆమె ఫోన్ ఎప్పుడూ `Tulasi_5G` లోనే ఉంటుంది. ప్రింటర్ కంపెనీ యాప్ వేసుకుని సెటప్ మొదలుపెడితే యాప్ ప్రింటర్‌ను గుర్తుపట్టింది, పాస్‌వర్డ్ అడిగింది, రెండు నిమిషాలు గిరగిర తిరిగి ‘నెట్‌వర్క్‌కు కలపలేకపోయాం’ అని చెప్పింది. పాస్‌వర్డ్ తప్పేమోనని ఆమె నాలుగుసార్లు కొట్టి చూశారు. పాస్‌వర్డ్‌లో తప్పేమీ లేదు.

లోపల జరిగింది ఇది. కొత్త ప్రింటర్ సెటప్ స్థితిలో తానే ఒక చిన్న తాత్కాలిక వైఫైని ప్రసారం చేస్తుంది. చాలా ప్రింటర్లలో దాని పేరు `DIRECT-` తో మొదలవుతుంది. యాప్ ఫోన్‌ను కాసేపు ఆ తాత్కాలిక వైఫైకి మార్చి, ఇంటి వైఫై పేరునూ పాస్‌వర్డ్‌నూ ప్రింటర్ చెవిలో వేస్తుంది. ఏ పేరు వేయాలన్నది చాలా యాప్‌లు మనల్ని అడగవు. ఫోన్ అంతకుముందు దేనికి కలిసి ఉందో ఆ పేరునే పంపుతాయి. ఇక్కడ `Tulasi_5G` అన్న పేరు వెళ్లింది, ప్రింటర్ దాని కోసం వెతికింది, తన రేడియోకి వినపడని పేరు కనుక దొరకలేదు. యాప్ మాత్రం దొరకని పేరుకూ, తప్పు పాస్‌వర్డ్‌కూ ఒకే సందేశం చూపించింది. అంత పొదుపుగా రాసిన సందేశం చూస్తే నాకు కోపమే వస్తుంది.

కారణం తెలిశాక పని చిన్నది. ఫోన్ వైఫై జాబితాలో `Tulasi_5G` మీద నొక్కి ‘ఫర్గెట్’ చేయండి. లేకపోతే సెటప్ మధ్యలో ఫోన్ తనంతట తాను దానికే వెళ్లిపోవచ్చు. తర్వాత `Tulasi` కి కలపండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పేరు వివరాలు తెరిస్తే ఫ్రీక్వెన్సీ 2.4 అనో 5 అనో రాసి ఉంటుంది కనుక, తోకను నమ్మకుండా అక్కడ చూసుకోవడం మంచిది. కొందరి ఇళ్లలో రౌటర్ పెట్టిన అబ్బాయి పేర్లు తారుమారు చేసిన సందర్భాలు చూశాను. ఇక మొబైల్ డేటా ఆపేయండి. ప్రింటర్ తాత్కాలిక వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కనుక, డేటా ఆన్‌లో ఉంటే ఫోన్ దానిని పనికిరాని వైఫైగా ఎంచి మధ్యలోనే వదిలేయవచ్చు. యాప్ లొకేషన్ అనుమతి అడిగితే ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో చుట్టూ ఉన్న వైఫైలను వెతకాలంటే చాలా యాప్‌లకు ఆ అనుమతి కావాలి.

ప్రింటర్ వైపు మరో పని ఉంది. ఒకసారి విఫలమైన ప్రింటర్ సెటప్ స్థితిలోంచి బయటకు వచ్చేసి ఉండవచ్చు, అప్పుడు యాప్‌కు అది కనిపించదు. చాలా మోడళ్లలో వెనకో, ముందో ఉన్న వైఫై బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వైఫై అమరికలు చెరిగి, దీపం మినుకుమినుకుమనడం మొదలవుతుంది. ఎన్ని సెకన్లు, ఏ రంగు దీపం అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కనుక ఆ ఒక్క వాక్యం కోసం మీ మాన్యువల్ చూడండి. ఆ తర్వాత యాప్‌లో సెటప్ మళ్లీ మొదలుపెడితే, ఈసారి పాస్‌వర్డ్ అడిగే తెరపై `Tulasi` అన్న పేరు కనిపించాలి. పాస్‌వర్డ్ కొట్టే ముందు ఆ పేరును చదవడం అలవాటు చేసుకోండి. అక్కయ్య ఇంట్లో ఈసారి నిమిషంలోపే కలిసింది.

పేరు సరైనదే అయినా కలవకపోతే చూడవలసినవి రెండున్నాయి. రౌటర్ భద్రత అమరిక WPA3 ఒక్కదానికే పరిమితమై ఉంటే, WPA2 మాత్రమే తెలిసిన ప్రింటర్ లోపలికి రాలేదు. రౌటర్ పేజీలో 2.4 గిగాహెర్ట్జ్ భాగానికి `WPA2/WPA3` మిశ్రమాన్ని ఎంచుకుంటే చాలు, 5 గిగాహెర్ట్జ్ భాగాన్ని ముట్టుకోనక్కరలేదు. రెండోది మన నగరానికి కాస్త ప్రత్యేకం: అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ప్రింటర్. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు వాడవచ్చు, అక్కడ సాధారణంగా 11 దాకానే వాడతారు. రౌటర్ తనంతట తాను 12 గానీ 13 గానీ ఎంచుకుంటే ఆ ప్రింటర్‌కు ఇంటి పేరు కనిపించకపోవచ్చు. రౌటర్‌లో ఛానెల్‌ను 1, 6, 11లలో ఒకదానికి స్థిరపరచండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ప్రింటర్ `Tulasi` లో ఉంటే, ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ ఫోన్‌ను కూడా `Tulasi` కి మార్చాలా? అక్కరలేదు. రెండు పేర్లూ ఒకే ఇంటికి ఉన్న రెండు గుమ్మాల వంటివి. ఏ గుమ్మంలోంచి వచ్చినా చేరేది ఒకే హాలుకు. మామూలు అమరికలో రౌటర్ రెండు రేడియోలనూ లోపల ఒకే నెట్‌వర్క్‌గా కలిపి ఉంచుతుంది. అందుకే 5 గిగాహెర్ట్జ్‌ను పూర్తిగా ఆపేయమని ఇచ్చే సలహాను నేను ఒప్పుకోను; రెండు పేర్లు విడిగా ఉన్నచోట ఆ అవసరమే రాదు.

ఈ మాటను నమ్మడం కాదు, పరీక్షించి చూడండి. ప్రింటర్ మెనూలోంచో, మాన్యువల్ చెప్పిన బటన్ నొక్కో నెట్‌వర్క్ రిపోర్ట్ అనే కాగితం తీయండి. అందులో `SSID` ఎదురుగా మీ 2.4 పేరు, `IP Address` ఎదురుగా చుక్కలతో విడదీసిన నాలుగు గుంపుల అంకెలు, అంటే ప్రింటర్ చిరునామా, ఉంటాయి. అక్కయ్య ఇంట్లో ఆ చిరునామా `192.168.1.37`. లాప్‌టాప్‌ను `Tulasi_5G` కి కలిపి, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టాం:

```
netsh wlan show interfaces
ping 192.168.1.37
```

మొదటి దాని జవాబులో `Channel` ఎదురుగా 44 వచ్చింది. 2.4 గిగాహెర్ట్జ్ ఛానెళ్లు 13కు మించవు, 5 గిగాహెర్ట్జ్‌వి 36 నుంచి మొదలవుతాయి. అంటే లాప్‌టాప్ 5 వైపే ఉంది. రెండో దానికి `Reply from 192.168.1.37` అని వరుసగా నాలుగు పంక్తులు వచ్చాయి. అవతలి గుమ్మంలో ఉన్న ప్రింటర్ ఇవతలి గుమ్మం నుంచి పిలిస్తే పలికింది కనుక, ప్రింట్ కూడా వస్తుంది.

`Request timed out` అనో `Destination host unreachable` అనో వస్తే, ముందు లాప్‌టాప్‌లో `ipconfig` కొట్టి `IPv4 Address` ను ప్రింటర్ కాగితంతో పోల్చండి. ఇళ్లలో సాధారణంగా మొదటి మూడు గుంపులు ఒకటిగా ఉండాలి. ఒకటి `192.168.1.` తో, మరొకటి `192.168.0.` తో మొదలైతే చాలావరకు మీ ఇంట్లో రౌటర్లు రెండున్నాయన్నమాట. ఫైబర్ కనెక్షన్ వాళ్లు ఇచ్చిన డబ్బా ఒక వైఫై ఇస్తుంటుంది, తర్వాత మీరు కొనుక్కున్న రౌటర్ ఇంకొకటి ఇస్తుంటుంది. ప్రింటర్ ఒకదానిలో, లాప్‌టాప్ మరొకదానిలో చిక్కుకున్నాయి. రెండింటినీ మీ రౌటర్ పేర్లకే కలిపి, ఫైబర్ డబ్బాలోని వైఫైని ఆపించేయడం తేలికైన మార్గం. ప్రింటర్ చిరునామా `169.254.` తో మొదలైతే సంగతి వేరు: రౌటర్ దానికి అసలు చిరునామా ఇవ్వలేదు కనుక రెండింటినీ ఒకసారి ఆపి, రౌటర్ పూర్తిగా లేచాక ప్రింటర్‌ను వేయండి.

మొదటి మూడు గుంపులూ కలిసినా జవాబు రాకపోతే, రెండింటిలో ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉందేమో చూడండి. గెస్ట్ పేరుతో వచ్చినవారికి ఇంటర్నెట్ మాత్రమే ఇచ్చి, ఇంట్లోని ఇతర పరికరాలను కనపడనీయకపోవడం దాని ఉద్దేశం. కొన్ని రౌటర్లలో ఇదే అడ్డుగోడ `AP Isolation` లేక `Client Isolation` అన్న పేరుతో మామూలు వైఫైకి కూడా ఉంటుంది. ఆన్‌లో ఉంటే ఆపాలి.

అభ్యాసం: నెట్‌వర్క్ రిపోర్ట్ కాగితం మీద ప్రింటర్ చిరునామా కింద గీత గీసి, తేదీ వేసి దాచండి. వారం తర్వాత, మధ్యలో ఒకసారైనా రౌటర్‌ను ఆపి వేసి, మళ్లీ ఆ కాగితం తీయండి. చివరి గుంపు మారిందో లేదో చూసి ఉంచుకోండి. మారితే లాప్‌టాప్‌లో ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపించడం మొదలుపెట్టవచ్చు. ఆ చిరునామాను రౌటర్‌లో ప్రింటర్ పేరిట రిజర్వ్ చేయడం ఐదో పాఠం.