వేరే ఉద్యోగానికి ఒప్పుకున్నాక, చేతిలో ఉన్న ఆఫర్‌ను వద్దని చెప్పే ఉత్తరం ఎలా రాయాలి?

రెండు చోట్ల ఇంటర్వ్యూలు బాగా జరిగాయి, ఒక చోట చేరతానని మాటిచ్చేశారు. రెండో చోటివాళ్లు ఇంకా మీ జవాబు కోసం చూస్తున్నారు. వద్దని చెప్పడానికి మొహమాటం వేసి చాలామంది రోజులు గడిపేస్తారు. అక్కడేమో మీ తర్వాతి స్థానంలో ఉన్న అభ్యర్థికి ఏమీ చెప్పకుండా ఆపి ఉంచుతారు. మీరు వారం తర్వాత కాదంటే, ఈలోగా ఆ మనిషి వేరే చోట చేరిపోయి ఉండవచ్చు. అప్పుడు వాళ్లు నియామకం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మీరు కాదన్నందుకు ఎవరూ పెద్దగా బాధపడరు కానీ, ఆలస్యం చేసిన సంగతి మాత్రం గుర్తుంటుంది.

రాసే ముందు

ఒప్పుకున్న ఉద్యోగానికి సంబంధించిన ఆఫర్ లెటర్ చేతికి వచ్చిందా, మీ అంగీకారం అందిందని అటునుంచి జవాబు వచ్చిందా చూసుకోండి. నోటిమాట మీద ఆధారపడి రెండోదాన్ని వదులుకోవద్దు. కాగితం పక్కా అయితే మాత్రం అదే రోజు, మరీ కుదరకపోతే మర్నాడు చెప్పేయండి.

మిమ్మల్ని ఎంపిక చేసిన మేనేజర్‌తో నేరుగా మాట్లాడి ఉంటే ముందు ఫోన్ చేయండి. రెండు నిమిషాలు చాలు. ఆ వెంటనే, ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. పాత మెయిళ్లన్నీ ఒకే చోట ఉంటాయి కాబట్టి హెచ్‌ఆర్‌వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. మేనేజర్‌ను కాపీలో పెట్టండి.

ఉత్తరం

అకౌంట్స్ విభాగంలో ఆఫర్ వచ్చిన ఒకరు, ఆడిట్ ఉద్యోగానికి ఒప్పుకున్నారనుకుందాం. ఆ ఉత్తరం ఇలా ఉండవచ్చు:

> నమస్కారం మేడమ్,
>
> సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగానికి 12వ తేదీన మీరు పంపిన ఆఫర్‌కు ధన్యవాదాలు. నేను వేరే సంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నాను. అందువల్ల ఈ ఆఫర్‌ను స్వీకరించలేకపోతున్నాను. ఉదయం ఫోన్‌లో చెప్పిన విషయాన్నే రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను.
>
> నెలాఖరు లెక్కలు ముగించే పనిని 10 రోజుల నుంచి 5 రోజులకు ఎలా తెచ్చారో రెండో ఇంటర్వ్యూలో మేనేజర్ గారు ఓపికగా వివరించారు. అందులో నేర్చుకున్నది నాకు చాలాకాలం పనికొస్తుంది. నాకోసం ఇంత సమయం కేటాయించినందుకు మీ బృందానికి కృతజ్ఞతలు.
>
> ఇప్పుడు నేను చేరుతున్నది ఆడిట్ పనిలో. మున్ముందు మీ దగ్గర ఖర్చుల విశ్లేషణకు సంబంధించిన ఖాళీ వస్తే దరఖాస్తు చేయాలని నిజంగా ఉంది.

కింద పేరు, ఫోన్ నంబర్ రాస్తే చాలు.

ఇందులో 'స్వీకరించలేకపోతున్నాను' అన్న మాట మొదటి పేరాలోనే వచ్చింది. చాలామంది దాని బదులు 'ప్రస్తుతానికి చేరలేను' అని మెత్తగా రాస్తారు. చదివేవాళ్లకు అది గడువు అడిగినట్టు ఉంటుంది. 'మరి ఎప్పుడు చేరతారు?' అని తిరుగు మెయిల్ వచ్చిందంటే మీ ఉత్తరం స్పష్టంగా లేదన్నమాట.

కారణానికి ఒక్క వాక్యం చాలు. కొత్త సంస్థ పేరు, జీతం అక్కర్లేదు. 'జీతం ఇంకొంచెం ఉంటే చేరేవాణ్ణి' అని రాస్తే అది బేరం అవుతుంది. వాళ్లు నిజంగానే జీతం పెంచితే, ఇంకోచోట మాటిచ్చిన మీరు ఇరుకున పడతారు. క్షమాపణ కూడా ఒకసారికి మించి వద్దు, మీరు చేసింది తప్పేమీ కాదు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది రెండో పేరా. 'మంచి అవకాశం ఇచ్చారు' అన్న మాట ఏ కంపెనీకైనా రాయవచ్చు. ఇంటర్వ్యూలో జరిగిన ఒక అసలు సంగతి రాస్తే, మీరు మనసుపెట్టి విన్నారని ఆ మేనేజర్‌కు తెలుస్తుంది. ఏడాది తర్వాత మీ పేరు చూసినప్పుడు గుర్తొచ్చేది అదే. చివరి పేరా కూడా అంతే. 'టచ్‌లో ఉందాం' అనే బదులు ఏ రకం పనికి వస్తారో చెప్పండి. నిజంగా ఆసక్తి లేకపోతే ఆ వాక్యం తీసేయండి.

పంపాక

వాళ్లు జీతం పెంచి మళ్లీ అడిగితే, 'మీ ఉద్దేశానికి కృతజ్ఞతలు, కానీ అక్కడ మాటిచ్చేశాను, నా నిర్ణయం మారదు' అని జవాబివ్వండి. ఇంకోచోట ఇచ్చిన మాటకు కట్టుబడ్డారని వాళ్లకూ అర్థమవుతుంది.

ఈ రెండో ఆఫర్ మీద కూడా ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే మాత్రం ఈ ఉత్తరం ఒక్కటే సరిపోదు. ఆ కాగితంలో నోటీసు గురించి, వెనక్కి తగ్గితే ఏమిటన్న దాని గురించి ఏం రాసుందో చదివి, ముందు ఫోన్‌లో మాట్లాడండి.

పంపిన మెయిల్‌ను దాచుకోండి. రేపు అక్కడ మీకు సరిపోయే ఖాళీ కనిపిస్తే, దరఖాస్తుతో పాటు ఆ పాత మెయిల్ కిందే మేనేజర్‌కు రెండు వాక్యాలు రాయవచ్చు.