బయట ధర కదలకుండానే ఇక్కడ బంగారం పెరిగిందా? రూపాయి వాటా ఎంతో ఇలా లెక్క తీయండి

"అంతర్జాతీయ మార్కెట్లో బంగారం స్థిరంగా ఉంది" అని వార్తల్లో వింటాం. అదే రోజు షాపుకెళ్తే బోర్డు మీద తులం రేటు వెయ్యి రూపాయలు ఎక్కువ కనిపిస్తుంది. షాపువాళ్లే పెంచేశారనిపిస్తుంది. కానీ చాలాసార్లు ఆ వెయ్యి వెనకాల ఉన్నది రూపాయి. అవునో కాదో ఫోన్లోని కాలిక్యులేటర్‌తో మీరే తేల్చుకోవచ్చు.

మన దేశంలో అమ్ముడయ్యే బంగారంలో ఇక్కడి గనుల్లో దొరికేది చాలా తక్కువ. కోలార్ గనులు 2001లోనే మూతపడ్డాయి. కర్ణాటకలోని హట్టిలో కొంత తీస్తున్నా అది మన వాడకానికి ఏ మూలకూ రాదు. మిగతాదాంట్లో చాలా భాగం డాలర్లు పోసి తెచ్చుకునేదే. కాబట్టి డాలర్లలో ధర మారకపోయినా, ఆ డాలర్లు కొనడానికి ఎక్కువ రూపాయలు పెట్టాల్సి వస్తే ఇక్కడ రేటు పెరుగుతుంది.

మొదట డాలర్ ధరను మన తూకంలోకి మార్చుకోవాలి. ప్రపంచ మార్కెట్లో బంగారం ధర ట్రాయ్ ఔన్సుకు చెబుతారు. ఒక ట్రాయ్ ఔన్సు అంటే 31.1035 గ్రాములు. తొలిసారి లెక్కేసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. వంటింట్లో, పార్సిళ్లలో వాడే ఔన్సు 28.35 గ్రాములు. పొరపాటున దానితో భాగిస్తే ధర దాదాపు పది శాతం ఎక్కువ వస్తుంది. మీ లెక్క షాపు బోర్డును అంత దూరం దాటిపోతే ముందు ఔన్సు సరిచూసుకోండి. తులం అంటే అసలు 11.66 గ్రాములే గానీ, ఇప్పుడు బజారులో తులమంటే పది గ్రాములనే వాడుక. మనమూ పది గ్రాములకే లెక్కేద్దాం.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఔన్సు 3,000 డాలర్లు అనుకుందాం. 31.1035తో భాగించి పదితో హెచ్చిస్తే పది గ్రాములకు సుమారు 964.50 డాలర్లు. ఈ అంకెను ఒక పక్కన రాసి పెట్టుకోండి. ప్రపంచ ధర కదలనంత కాలం ఇదీ కదలదు.

రెండో అడుగులో దీన్ని రూపాయల్లోకి మార్చి పన్నులు కలపాలి. 2024 జులై బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ఇక్కడ ఆ 6 శాతమే వాడుతున్నాను. మీరు లెక్కేసే రోజుకు సుంకం మారి ఉంటే ఆ అంకె మార్చుకుంటే చాలు. సుంకం కలిసిన మొత్తం మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది.

```
(డాలర్ ధర ÷ 31.1035) × 10 × డాలరుకు రూపాయలు × 1.06 × 1.03
```

డాలరు 84 రూపాయలున్న రోజున ఇది సుమారు 88,457 రూపాయలు. ఔన్సు ధర అదే 3,000 దగ్గర ఉంచి డాలరును 87 చేయండి. 91,616 వస్తుంది. బయట ఒక్క డాలరు కూడా పెరగకుండా ఇక్కడ పది గ్రాములకు 3,159 రూపాయలు పెరిగింది.

ఈ 3,159ని కాస్త విప్పి చూడాలి. రూపాయి పడటం వల్ల నేరుగా వచ్చింది 2,893 రూపాయలు. మిగిలిన 266 పన్నులది. సుంకం, జీఎస్టీ రెండూ శాతాల్లో ఉంటాయి కాబట్టి, అసలు ధర పెరిగితే ప్రభుత్వం రేటు ముట్టుకోకపోయినా పన్ను తనంతట తానే పెరుగుతుంది. ఇంకో సంగతి, ఈ ధరల దగ్గర డాలరు ఒక్క రూపాయి పెరిగితే తులానికి సుమారు 1,053 రూపాయలు పెరుగుతుంది. నేనైతే ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటాను, రోజూ మొత్తం లెక్క చేయాల్సిన పని తప్పుతుంది. ఔన్సు ధర బాగా మారినప్పుడు మాత్రం దీన్ని మళ్లీ కట్టుకోవాలి.

"వాళ్ల దగ్గరున్నది పోయిన నెల కొన్న సరుకే కదా, దానికి కొత్త రేటెందుకు?" అని అడగొచ్చు. ఈ రోజు ఒక గొలుసు అమ్మిన వ్యాపారి, దాని స్థానంలో మళ్లీ బంగారం కొనాల్సింది ఈ రోజు రేటుకే. పాత రేటుకు అమ్మేస్తే వచ్చిన డబ్బుతో అంతే బంగారం తిరిగి రాదు. మనం పాత నగ మార్చుకోబోతే కూడా ఈ రోజు రేటే కట్టమంటాం కదా.

అసలు చిక్కు రెండూ కదిలినప్పుడు వస్తుంది. ఔన్సు 3,000 నుంచి 2,900కు తగ్గింది, అదే సమయంలో డాలరు 84 నుంచి 87కు పెరిగింది అనుకోండి. అప్పుడు పన్నులతో ధర 88,563. ప్రపంచంలో వంద డాలర్లు తగ్గినా ఇక్కడ పైగా ఓ వంద రూపాయలు పెరిగిందన్నమాట. దేని వాటా ఎంతో తెలియాలంటే ఔన్సు ధరను పాత 3,000 దగ్గరే ఉంచి, రూపాయి ఒక్కటే మార్చి చూడండి. ముందు వచ్చిన 91,616 ఇదే. అంటే రూపాయి 3,159 పైకి లాగింది, బయటి ధర 3,053 కిందికి లాగింది.

ఇలా ఎదురెదురుగా లాగడం తరచుగా జరిగేదే. ప్రపంచమంతటా డాలర్ బలపడినప్పుడు డాలర్లలో బంగారం ధర తగ్గే అవకాశం ఎక్కువ, కాబట్టి మన మీద భారం కొంత తగ్గుతుంది. రూపాయి తన సొంత కష్టాల వల్ల, అంటే చమురు బిల్లు పెరిగో, విదేశీ పెట్టుబడులు వెనక్కి పోయో పడితే ఆ ఊరట ఉండదు.

బయట ధర తగ్గినా రూపాయి పతనం దాన్ని మించిపోగలదని 2013 ఆగస్టులో చూశాం. 2011 సెప్టెంబరులో ఔన్సు 1,900 డాలర్లు దాటినప్పుడు డాలరు 46 రూపాయల దగ్గరుంది. లెక్క కడితే సుంకం లేకుండా పది గ్రాములు 28,100 దాకా వస్తుంది. 2013 ఆగస్టు 28న ఔన్సు 1,420 డాలర్ల చుట్టుపక్కలే ఉంది, కానీ రూపాయి 68.80 దాకా పడిపోయింది. సుంకం లేకుండానే 31,400. ఆ నెలలోనే 10 శాతానికి పెంచిన సుంకం కూడా కలిసి ఇక్కడ రేటు 34 వేలు దాటింది. ప్రపంచంలో బంగారం దాదాపు 480 డాలర్లు చవకైన కాలంలో మనవాళ్లు అప్పటికి ఎప్పుడూ ఇవ్వనంత ధర ఇచ్చారు.

ఇక మీ లెక్కను బోర్డుతో పోల్చేటప్పుడు 24 క్యారెట్ల రేటు చూడండి. 22 క్యారెట్లదైతే మీ అంకెను 0.916తో హెచ్చించాలి. బోర్డు రేటులో సాధారణంగా జీఎస్టీ కలపరు, అలాంటప్పుడు మీరూ 1.03 వదిలేయండి. తరుగు, మజూరీ ఈ లెక్కలోకి రావు. ఔన్సు ధర, డాలర్ రేటు రెండూ ఒకే వేళవి తీసుకోవాలి. రాత్రి ధరకు మధ్యాహ్నపు మారకం రేటు కలిపితే లేని తేడా కనిపిస్తుంది.

ఇంతా చేశాక కూడా బోర్డు రేటు మీ లెక్కతో పూర్తిగా కలవదు. గిరాకీ బాగుంటే టోకు వ్యాపారులు పైన కొంత ప్రీమియం వేస్తారు, గిరాకీ లేకపోతే డిస్కౌంట్ ఇస్తారు. అందుకే ఓ వారం రోజులు మీ లెక్కకూ బోర్డుకూ మధ్య తేడా రాసి పెట్టుకోండి. అది రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటే పెరిగినా తగ్గినా కారణం డాలర్ ధరో రూపాయో. ఆ తేడాయే ఒక్క రోజులో వెయ్యి, రెండు వేలు మారిందంటే మాత్రం రూపాయిని వదిలేసి, సుంకం మారిందేమో చూడండి, ఆ తర్వాత ఇంకో రెండు షాపుల్లో రేటు అడగండి.